సీరం డ్రాపర్ సీసా ఫొటోకు వర్ణన ఎలా రాయాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరు, కావలి, ఒంగోలు చుట్టుపక్కల ఇంటి నుంచే ఆన్‌లైన్ బ్యూటీ స్టోర్లు నడిపేవాళ్ళకు ఉత్పత్తి పేజీలు రాసిపెట్టడం నా పని. షాపులు వేరైనా ఫొటో మాత్రం దాదాపు ఒకటే. మధ్యలో డ్రాపర్ సీసా, గాజు మీద నీటి చుక్కలు, వెనక పచ్చటి ఆకులు. దాని చుట్టూ వచ్చే సందేహాలూ అవే. అందుకే అన్నీ ఒకచోట పెట్టాను.

ఉదాహరణ కోసం ఒకే ఫొటో తీసుకున్నాను. 30 మి.లీ. విటమిన్ సి సీరం, తేనె రంగు గాజు సీసా, నల్ల డ్రాపర్ మూత. సీసా నిలబెట్టింది చీమకుర్తి నల్ల గెలాక్సీ గ్రానైట్ ముక్క మీద. వెనక ఉన్నవి గూడూరు వైపు తోట నుంచి తెచ్చిన నిమ్మ కొమ్మలు. సీరంలో మాత్రం నిమ్మ లేదు. చిక్కంతా అక్కడే.

## ఫొటో ముందు పెట్టుకుని చూసేటప్పుడు

ఫొటో వర్ణన, ప్రొడక్ట్ డిస్క్రిప్షన్ రెండూ ఒకటే కదా? విడిగా ఎందుకు రాయడం?

ఒకటి కాదు. ఫొటో వర్ణన, అంటే ఆల్ట్ టెక్స్ట్, బొమ్మ చూడలేనివాళ్ళ కోసం. చూపు లేనివాళ్ళకు ఫోన్‌లోని స్క్రీన్ రీడర్ దాన్ని చదివి వినిపిస్తుంది. నెట్ సరిగా లేక బొమ్మ లోడ్ కాకపోతే దాని స్థానంలో ఆ అక్షరాలే కనిపిస్తాయి. అందులో ఉండాల్సింది ఫొటోలో కంటికి కనిపించేది మాత్రమే.

ప్రొడక్ట్ డిస్క్రిప్షన్ పేజీకి వచ్చిన అందరి కోసం. సీసా లోపల ఏముంది, ఎలా వాడాలి, ఎన్నాళ్ళు వస్తుంది అన్నవి అక్కడ చెప్పాలి. ఈ రెండూ కలిపేస్తే ఏమవుతుందంటే, వెనక ఉన్న నిమ్మాకు మెల్లగా జారి డిస్క్రిప్షన్‌లోకి వస్తుంది, అక్కడి నుంచి పదార్థాల వరుసలోకి కూడా చేరుతుంది. అలా చేరిన పేజీలు చాలా చూశాను.

ఫొటోలో ముందు ఏం గమనించాలి?

ముందు సీసా. గాజు ఏ రంగు, నున్నగా ఉందా మంచు పట్టినట్టు మసకగా ఉందా, మూత ఏ రంగు, డ్రాపర్ లోపలే ఉందా లేక బయటికి తీసి పట్టుకున్నారా, లేబుల్ మీద చదవగలిగిన అక్షరాలు ఏవి. కొనేవాళ్ళకు పనికొచ్చేది ఇదే.

తర్వాత చుక్కలు. అవి ఎక్కడెక్కడ పడ్డాయో చూడండి. లేబుల్ మీద పడ్డ చుక్క భూతద్దంలా పనిచేసి కింద ఉన్న అక్షరాన్ని పెద్దది చేస్తుంది, లేదా వంకర తిప్పుతుంది. మా ఉదాహరణ ఫొటోలో సరిగ్గా ‘30’ మీద ఒక పెద్ద బొట్టు కూర్చుంది. సున్నా సాగిపోయి ‘36’ ఏమో అనిపిస్తోంది. ఇలాంటిది కనిపిస్తే వర్ణనలో పరిమాణాన్ని అక్షరాల్లో స్పష్టంగా చెప్పాలి. లేబుల్ తుడిచి తీసిన ఇంకో ఫొటో కూడా పేజీలో పెట్టాలి.

ఆకులు చివర చూడండి. చాలామంది రాసేటప్పుడు ఆకులతోనే మొదలుపెడతారు, ఎందుకంటే కళ్ళకు ముందు తగిలేవి అవే.

వెనక ఉన్నది ఏ ఆకో మాకు తెలియదు. ఏదో ఒక పేరు రాసేయొచ్చా?

వద్దు. తెలియకపోతే ‘పచ్చటి ఆకులు’ అని రాస్తే చాలు. మసకగా తీసిన వెనక భాగంలో ఆకు ఏదో చూసేవాళ్ళకే తెలియనప్పుడు వినేవాళ్ళకు దాని పేరు చెప్పి ఉపయోగం లేదు.

పేరు చెప్పాలనుకుంటే ఆకును దగ్గరగా చూసి నిర్ధారించుకోండి. మన వైపు నిమ్మాకును పోల్చుకోవడం సులువే. కాడ దగ్గర సన్నటి రెక్కలాంటి అంచు ఉంటుంది, ఆకు కాడను కలిసేచోట చిన్న అతుకు కనిపిస్తుంది, నలిపితే వాసనే చెప్పేస్తుంది. కొన్న స్టాక్ ఫొటో అయితే వాసన చూసే వీలు లేదు కాబట్టి కాడ కనిపిస్తోందో లేదో చూడండి. కనిపించకపోతే ‘ఆకులు’ దగ్గరే ఆగిపోండి.

అవి నిజం నీళ్ళు కావక్కా, గ్లిజరిన్ కలిపి కొట్టాం. ‘నీటి చుక్కలు’ అని రాస్తే అబద్ధం కాదా?

కాదు. ఒట్టి నీళ్ళు గాజు మీద నిలవవు, కిందికి కారిపోతాయి, లైట్ల వేడికి ఆరిపోతాయి. అందుకే ఫొటోగ్రాఫర్లు గ్లిజరిన్, నీళ్ళు సగం సగం కలిపి స్ప్రే చేస్తారు. బొట్టు గుండ్రంగా, చాలాసేపు నిలుస్తుంది. ఫొటో వర్ణన చెప్పేది కంటికి కనిపించేది. కనిపించేది నీటి చుక్కలే కాబట్టి అలా రాయడంలో తప్పు లేదు.

జాగ్రత్త పడాల్సింది ఇంకోచోట ఉంది. ఫొటోలో రెండు రకాల చుక్కలుంటాయి. సీసా బయట ఉన్నవి నీళ్ళు, డ్రాపర్ కొసన వేలాడేది సీరం. ‘చుక్కలతో మెరిసే డ్రాపర్ సీసా’ అని రాస్తే ఏ చుక్కో తేలదు. ‘గాజు మీద నీటి చుక్కలు’, ‘డ్రాపర్ కొసన సీరం బొట్టు’ అని వేటికవి చెప్పండి.

ఫ్రిజ్‌లోంచి తీసిన సీసా అయితే బొట్లకు బదులు గాజంతా పొగమంచు కమ్మినట్టు ఉంటుంది. సముద్రపు తేమ ఉన్న మన ఊళ్ళలో అది నిమిషాల్లో పడుతుంది. అప్పుడు ‘గాజు మీద సన్నటి చెమ్మ’ అనడం సరైన మాట.

గ్రానైట్ మెరుపులు చూసి ‘సీరంలో షిమ్మర్ ఉందా’ అని అడుగుతున్నారు. ఏం చేయాలి?

గెలాక్సీ గ్రానైట్‌లో బంగారు రంగు చుక్కలు రాయిలోనే ఉంటాయి. దగ్గరగా తీసిన ఫొటోలో అవి సీసా అడుగున సీరం ఒలికినట్టు, అందులో మెరుపు పొడి ఉన్నట్టు కనిపిస్తాయి. ‘నల్లటి ఉపరితలం’ అని మాత్రమే రాస్తే ఆ అనుమానం తీరదు. ‘బంగారు చుక్కలున్న నల్ల గ్రానైట్ పలక’ అని రాయండి, మెరుపు రాయిదని తెలిసిపోతుంది. డిస్క్రిప్షన్‌లో కూడా ‘సీరం పారదర్శకంగా ఉంటుంది, మెరుపు పొడి లేదు’ అని ఒక్క వాక్యం పెట్టండి. ఇన్‌బాక్స్‌లో ఆ ప్రశ్న తగ్గుతుంది.

## ఆల్ట్ టెక్స్ట్ రాసేటప్పుడు

ఒకటి రాసి చూపించండి, చూసి నేర్చుకుంటాం.

ముందు మా దగ్గరికి సాధారణంగా వచ్చే రకం చూడండి: ‘ప్రకృతి ఒడిలో స్వచ్ఛమైన నీటి బిందువులతో మెరుస్తున్న అందమైన సీరం’. ఇది విన్నవాళ్ళకు సీసా గాజుదో ప్లాస్టిక్‌దో తెలియదు. ఏ సీరమో తెలియదు. ‘స్వచ్ఛమైన’, ‘అందమైన’ అన్నవి ఫొటోలో కనిపించేవి కావు, రాసినవాళ్ళ అభిప్రాయాలు.

అదే ఫొటోకు నేను రాసేది ఇలా ఉంటుంది:

```html
<img src="vitamin-c-serum-30ml.jpg" lang="te"
 alt="విటమిన్ సి సీరం, 30 మిల్లీలీటర్ల తేనె రంగు గాజు
 సీసా, నల్ల డ్రాపర్ మూత. గాజు మీద నీటి చుక్కలు,
 వెనక మసకగా నిమ్మాకులు.">
```

మొదటి ముక్కలో వస్తువు పేరు ఉంది. వినేవాళ్ళు అక్కడే ఆపేసి ముందుకు వెళ్ళిపోయినా వాళ్ళకు కావాల్సింది దొరికింది. తర్వాత సీసా ఎలా ఉందో చెప్పాం. రెండో వాక్యంలో చుక్కలు, ఆకులు. ‘మసకగా’ అన్న ఒక్క మాట ఆకులు వెనక్కి జరిగి ఉన్నాయని, ఫొటోలో ముఖ్యమైనది సీసా అని చెబుతోంది.

గ్రానైట్‌ను ఇందులో వదిలేశాను. ఆ షాపుకు మెరుపుల గురించి ప్రశ్నలు రాలేదు కాబట్టి అది లేకపోయినా నష్టం లేదు. వస్తుంటే ‘వెనక’కు ముందు ‘కింద బంగారు చుక్కలున్న నల్ల గ్రానైట్’ అని కలుపుతాను. ఫొటోలో ఉన్న ప్రతిదీ రాయాలన్న నియమం ఏమీ లేదు. రెండు చిన్న వాక్యాలు దాటితే వినేవాళ్ళు విసుక్కుంటారు.

‘మి.లీ.’ అని కాకుండా ‘మిల్లీలీటర్లు’ అని పూర్తిగా రాయడానికీ కారణం ఉంది. చుక్కలు పెట్టిన పొట్టి రూపాన్ని చదివే గొంతు ముక్కలు ముక్కలుగా పలకొచ్చు.

తెలుగులో రాస్తుంటే వాక్యం కొండవీటి చాంతాడంత అవుతోంది. ఎలా తగ్గించాలి?

విశేషణాలన్నీ ముందు పేర్చి అసలు వస్తువును చివర పెడుతున్నారు, అందుకే. ‘నిమ్మాకుల నేపథ్యంలో నల్ల గ్రానైట్ మీద నిలబెట్టిన, నీటి చుక్కలు పడిన, నల్ల డ్రాపర్ మూత ఉన్న తేనె రంగు గాజు సీసా’. వ్యాకరణం బాగానే ఉంది. కళ్ళతో చదివేవాళ్ళు చివరికి ఒక్క చూపులో వెళ్ళిపోతారు. చెవితో వినేవాళ్ళు మాత్రం ‘సీసా’ అన్న మాట వచ్చేదాకా ఆకులు, రాయి, చుక్కలు అన్నీ గుర్తుపెట్టుకుని కూర్చోవాలి.

వాక్యాన్ని విరగ్గొట్టండి. ‘తేనె రంగు గాజు సీసా, నల్ల డ్రాపర్ మూత.’ అని ఆపేసి, ‘వెనక నిమ్మాకులు.’ అని ఇంకోటి మొదలుపెట్టండి. క్రియ లేకపోయినా పర్లేదు. మనం ఫోన్‌లో ఎవరికైనా చెప్పేటప్పుడు మాట్లాడేది కూడా ఇలాగే కదా.

‘ఫొటో’, ‘చిత్రం’ అని మొదలుపెట్టాలా?

అక్కర్లేదు. అది బొమ్మ అని స్క్రీన్ రీడర్ తనంతట తానే చెబుతుంది. మళ్ళీ మీరూ చెబితే రెండుసార్లు వినిపిస్తుంది.

ఆల్ట్ టెక్స్ట్ తెలుగులో పెట్టాలా, ఇంగ్లీషులో పెట్టాలా?

పేజీ ఏ భాషలో ఉంటే ఆ భాషలో. పేజీ అంతా తెలుగైతే పేజీ భాష తెలుగు అని కోడ్‌లో ఉండాలి, అంటే `lang="te"`. అది లేకుండా ఇంగ్లీషు పేజీలో తెలుగు ఆల్ట్ పెడితే స్క్రీన్ రీడర్ ఇంగ్లీషు గొంతుతో తెలుగు చదవబోయి తికమక పడొచ్చు, కొన్నిసార్లు అసలు చదవదు. రెండు భాషల పేజీ అయితే ఆ ఒక్క బొమ్మకే `lang` పెట్టొచ్చు.

‘సీరం’, ‘డ్రాపర్’, ‘విటమిన్ సి’ లాంటివి తెలుగు లిపిలోనే రాయండి. ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉండే టాక్‌బ్యాక్ అనే స్క్రీన్ రీడర్‌కు తెలుగు గొంతు ఉంది, ఒకే గొంతుతో సాఫీగా చదువుతుంది. బ్రాండ్ పేరు మాత్రం లేబుల్ మీద ఎలా ఉందో అలా ఉంచాలి.

ఇదే ఫొటోను హోమ్‌పేజీ బ్యానర్‌గా కూడా వాడాం. అక్కడా ఇదే వర్ణన పెట్టాలా?

అక్కడ బొమ్మ ఏ పని చేస్తోందో చూసి నిర్ణయించండి. బ్యానర్ పక్కనే ‘విటమిన్ సి సీరం’ అని పెద్ద అక్షరాలు ఉండి, బొమ్మ కేవలం అందం కోసమే అయితే `alt=""` అని ఖాళీగా వదిలేయండి. స్క్రీన్ రీడర్ దాన్ని దాటేసి వెళ్ళిపోతుంది. ఖాళీగా వదలడం వేరు, `alt` అసలు పెట్టకపోవడం వేరు. పెట్టకపోతే కొన్ని స్క్రీన్ రీడర్లు ఫైలు పేరు చదువుతాయి. `IMG_2043` అని వింటే ఎవరికేం అర్థమవుతుంది?

బొమ్మ మీద నొక్కితే సీరం పేజీకి వెళ్ళేలా ఉండి, దాంతోపాటు వేరే అక్షరాలు లేకపోతే అక్కడ కావాల్సింది చుక్కల వర్ణన కాదు. ‘విటమిన్ సి సీరం పేజీ’ అని, నొక్కితే ఎక్కడికి వెళ్తామో అది రాయండి.

ఆల్ట్‌లో ‘బెస్ట్ విటమిన్ సి సీరం నెల్లూరు తక్కువ ధర’ అని పెడితే గూగుల్‌లో పైకి వస్తుందట కదా?

బొమ్మలో ఏముందో తెలుసుకోవడానికి గూగుల్ ఆల్ట్ టెక్స్ట్‌ను చూసే మాట నిజమే. కానీ వెతికే మాటలన్నీ కుక్కి పెడితే దాన్ని స్పామ్‌గా లెక్కేయొచ్చని గూగులే చెబుతోంది. ‘విటమిన్ సి సీరం, 30 మిల్లీలీటర్ల గాజు సీసా’ అన్నప్పుడు వెతకాల్సిన మాటలు ఎలాగూ అందులో ఉన్నాయి. ‘నెల్లూరు’ అన్నది సీసా మీద కనిపించదు కాబట్టి ఆల్ట్‌లో వద్దు. డెలివరీ ఎక్కడెక్కడికి ఇస్తారో చెప్పేచోట పెట్టుకోండి.

## స్టోర్ పేజీలో డిస్క్రిప్షన్ రాసేటప్పుడు

ఫొటోలో నిమ్మాకులు ఉన్నాయి కదా, ‘నిమ్మ గుణాలతో’ అని రాస్తే తప్పేంటి?

సీసాలో నిమ్మ లేదు కాబట్టి తప్పే. మా ఉదాహరణ సీరంలో ఉన్న విటమిన్ సి రూపం ఇథైల్ ఆస్కార్బిక్ యాసిడ్. అది ఫ్యాక్టరీలో తయారైన పదార్థం, తోటలోంచి వచ్చింది కాదు. అందులో తక్కువతనం ఏమీ లేదు. మామూలు ఆస్కార్బిక్ యాసిడ్ కంటే అది నీళ్ళలో ఎక్కువకాలం చెడకుండా ఉంటుంది కాబట్టే కంపెనీలు దాన్ని ఎంచుకుంటాయి. చెప్పుకోవాలంటే ఈ మాటే చెప్పుకోవచ్చు.

ఫొటోలో నిమ్మాకులు పెట్టడం వరకు అలంకారం. ‘నిమ్మ గుణాలతో’ అని రాసిన క్షణంలో అది అలంకారం కాదు, హామీ. వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నియమాలు, 2020 ప్రకారం ప్రకటన వస్తువు అసలు లక్షణాలకు సరిపోవాలి. చెప్పిన లక్షణాలు వస్తువులో లేకపోతే కొన్నవాళ్ళు వెనక్కి పంపినప్పుడు కాదనడానికి వీల్లేదు.

చట్టం సంగతి అలా ఉంచినా, నిమ్మజాతి పడనివాళ్ళు ఉంటారు. ‘నిమ్మ’ అని చూసి వాళ్ళు కొనకుండా వెళ్ళిపోతారు. నిమ్మ వాసన కోసమే కొన్నవాళ్ళు మూత తీసి నిరాశపడతారు. రెండువైపులా మీకే నష్టం.

నేనైతే ఇలా రాస్తాను: ‘ఇథైల్ ఆస్కార్బిక్ యాసిడ్ రూపంలో విటమిన్ సి ఉన్న సీరం. సువాసన కలపలేదు. ఫొటోలోని ఆకులు అలంకరణ కోసమే, సీరంలో నిమ్మ సారం లేదు.’ చివరి వాక్యం చూసి షాపువాళ్ళు ముందు మొహం మాడ్చుకుంటారు. ‘లేదు అని మనమే చెప్పుకోవడం ఎందుకక్కా’ అంటారు. వద్దనుకుంటే ఫొటోలోంచి నిమ్మాకులు తీసేసి మామూలు పచ్చటి ఆకులు పెట్టుకోండి, ఆ వాక్యంతో పని ఉండదు. రెండూ కుదరవంటే మాత్రం నేను రాయను.

మా ఇంకో సీరంలో నిజంగానే నిమ్మ సారం ఉంది. అప్పుడు ‘నిమ్మ సీరం’ అనొచ్చా?

ఎంత ఉందో చూడాలి. కాస్మెటిక్ లేబుల్ మీద ఒక శాతం కంటే ఎక్కువ ఉన్న పదార్థాలను ఎక్కువ నుంచి తక్కువ వరుసలో రాస్తారు. ఒక శాతం, అంతకంటే తక్కువ ఉన్నవి వాటి తర్వాత ఏ వరుసలోనైనా ఉండొచ్చు.

ఆ గీత ఎక్కడ పడిందో లేబుల్ చెప్పదు, కానీ పట్టుకోవడానికి ఒక గుర్తు ఉంది. చాలా సీరాల్లో చెడిపోకుండా ఫినాక్సీఇథనాల్ వేస్తారు, దాన్ని ఒక శాతానికి మించి వాడరు. వరుసలో నిమ్మ సారం దాని తర్వాత కనిపిస్తే అది కూడా ఒక శాతం లోపే అయి ఉంటుంది. ముందు కనిపించినంత మాత్రాన ఎక్కువ ఉన్నట్టు కాదు, ఎందుకంటే గీత దాటాక వరుసకు లెక్క లేదు. అనుమానం ఉంటే తయారుచేసి ఇచ్చిన కంపెనీని శాతం అడగండి.

తక్కువే అని తేలితే పేరులో నిమ్మ వద్దు. పదార్థాల వరుసలో ఉంటే చాలు.

‘దీనికంటే ఇంట్లో నిమ్మరసం రాసుకుంటే పోలా’ అని కామెంట్లు పెడుతున్నారు. జవాబు డిస్క్రిప్షన్‌లో ఇవ్వాలా?

ఒక్క వాక్యంలో ఇవ్వొచ్చు, వాదన మాత్రం వద్దు. నిమ్మరసం బాగా ఆమ్లం, చర్మం మీద మంట పుడుతుంది. నిమ్మజాతిలో ఫ్యూరోకౌమరిన్లు అనే పదార్థాలుంటాయి. అవి అంటిన చర్మం మీద ఎండ పడితే ఎర్రగా కమిలి, బొబ్బలు లేచి, తర్వాత నల్లటి మచ్చలు చాలారోజులు ఉండిపోవచ్చు. మే నెలలో నలభై డిగ్రీలు దాటే మన ఊళ్ళలో నిమ్మరసం పూసుకుని ఎండలోకి వెళ్ళమని ఎవరికీ చెప్పలేం.

చూశారా, ఫొటోలో నిమ్మకాయ కోసి పెడితే ఆ ఆలోచన మీరే ఇచ్చినట్టు. అందుకే మా ఉదాహరణ ఫొటోలో ఆకులు ఉంచి, కోసిన నిమ్మచెక్క తీయించాను.

నీటి చుక్కలు చూపించాం కాబట్టి ‘చర్మానికి తేమనిస్తుంది’ అని రాయొచ్చా?

చుక్కల్ని బట్టి కాదు, పదార్థాల్ని బట్టి రాయాలి. గ్లిజరిన్, హైలురోనిక్ యాసిడ్ లాంటి తేమను పట్టి ఉంచేవి వరుసలో ఉంటే ‘గ్లిజరిన్ ఉంది, చర్మంలో తేమ నిలవడానికి తోడ్పడుతుంది’ అని రాయొచ్చు. అవి లేకపోతే ఫొటోలో ఎన్ని చుక్కలున్నా ఆ మాట వద్దు. ‘72 గంటల తేమ’ లాంటి అంకెకు పరీక్ష చేసిన కాగితం కావాలి. తయారీ కంపెనీ ఇస్తే రాయండి, ఇవ్వకపోతే లేదు.

‘మచ్చలు నయమవుతాయి’, ‘ఆయుర్వేద సీరం’ అని రాస్తే అమ్మకాలు బాగుంటాయి. రాయొచ్చా?

‘నయం’ అనే మాట మందుకు చెందింది. 1940 నాటి ఔషధాలు, సౌందర్య సాధనాల చట్టంలో సౌందర్య సాధనం అంటే శుభ్రపరచడానికి, అందంగా కనిపించడానికి, రూపం మార్చడానికి వాడేది. కాబట్టి ‘చర్మం కాంతిగా కనిపించేలా’ అన్నదాకా మీ హద్దు. మచ్చలు నయం చేస్తానంటే మందు అమ్ముతున్నట్టు.

‘ఆయుర్వేద’ కూడా వెనక ఆకులు పెట్టినంత మాత్రాన రాదు. ఆ పేరుతో తయారుచేయడానికి వేరే లైసెన్సు ఉంటుంది. మీ సీసా లేబుల్ మీద కాస్మెటిక్ లైసెన్సు నంబరు ఉంటే అది కాస్మెటిక్ మాత్రమే.

సీసా ఇంత చిన్నదా అని తిట్టుకుంటూ వెనక్కి పంపుతున్నారు. వర్ణనతో ఆపగలమా?

చాలావరకు ఆపొచ్చు. ఆకుల ముందు ఒంటరిగా నిలబెట్టిన సీసాకు కొలత తెలియదు. నిమ్మాకు కాస్త చిన్నదైతే సీసా ఇంకా పెద్దగా కనిపిస్తుంది. ‘30 మి.లీ.’ అని రాసినా అది ఎంతో చాలామందికి తట్టదు. స్కేలు పెట్టి కొలిచి ఎత్తు రాయండి. ఈ రకం సీసాలు డ్రాపర్‌తో కలిపి పది సెంటీమీటర్లు అటూ ఇటూ ఉంటాయి. ‘డ్రాపర్‌తో కలిపి ఎత్తు దాదాపు 10 సెం.మీ., అరచేతిలో పడుతుంది’ అంటే బొమ్మ కళ్ళ ముందుకొస్తుంది.

ఎన్నాళ్ళు వస్తుందో కూడా చెప్పండి. పల్చటి ద్రవం డ్రాపర్‌తో ఇరవై చుక్కలు వేస్తే ఒక మి.లీ. అవుతుందని స్థూలంగా లెక్క. పూటకు ఐదు చుక్కలు, రోజుకు రెండు పూటలంటే రోజుకు అర మి.లీ. అంటే 30 మి.లీ. సీసా రెండు నెలలు వస్తుంది. మీ సీరం చిక్కగా ఉంటే చుక్క పరిమాణం మారొచ్చు, అప్పుడు కొలగ్లాసులో మీరే చుక్కలు లెక్కపెట్టి రాయడం మంచిది.

ఇంకొకటి. డ్రాపర్ దిగడానికి చోటు కావాలి కాబట్టి సీసా మెడ దాకా నింపరు. తేనె రంగు గాజును వెలుతురుకు పెట్టి చూస్తే ఖాళీ తెలుస్తుంది. ‘మెడ దగ్గర ఖాళీ ఉంటుంది, లోపల 30 మి.లీ. పూర్తిగా ఉంటుంది’ అని ముందే చెబితే ‘సగమే పోశారు’ అన్న ఫిర్యాదు రాదు.

లేబుల్ ఫొటోలో కనిపిస్తోంది కదా, ధర, తయారీదారు వివరాలు మళ్ళీ అక్షరాల్లో రాయాలా?

రాయాలి. నికర పరిమాణం, ఎం.ఆర్.పి., తయారీదారు పేరు చిరునామా, ఏ దేశంలో తయారైంది, ఫిర్యాదుకు ఎవరిని సంప్రదించాలి అన్నవి అమ్మకం పేజీలో కనిపించాలని తూనికలు కొలతల శాఖ ప్యాకేజీ సరుకుల నియమాలు చెబుతున్నాయి. ఫొటోలో చుక్కల కింద దాగిన అక్షరాలు ఆ లెక్కలోకి రావు. స్క్రీన్ రీడర్‌కు కూడా ఫొటోలోని అక్షరాలను నమ్ముకోలేం.

## పేజీ పెట్టిన తర్వాత

ఈ ఆకుల ఫొటోనే అమెజాన్‌లో మొదటి ఫొటోగా పెట్టొచ్చా?

పెట్టకూడదు. అక్కడ మొదటి ఫొటోకు తెల్లటి వెనక భాగం ఉండాలి, వస్తువు ఫ్రేములో 85 శాతం నిండాలి, వస్తువుతోపాటు రాని అలంకరణలు ఉండకూడదు. ఆకులు, చుక్కల ఫొటోను రెండోదిగానో మూడోదిగానో పెట్టుకోండి. మీ సొంత స్టోర్‌లో మీ ఇష్టం. అక్కడ కూడా నేను పొడి సీసా ఫొటోనే ముందు పెడతాను.

‘సీసా కారిందా?’, ‘ఫ్రిజ్‌లో పెట్టాలా?’ అని అడుగుతున్నారు. ఫొటో మార్చాలా, మాట మార్చాలా?

మొదటిదానికి ఫొటో. చుక్కలు మూత అంచు కింద, మెడ దగ్గర గుమిగూడి ఉంటే లీకైనట్టే కనిపిస్తుంది, ఏం రాసినా ఆ అనుమానం పోదు. మెడ తుడిచి చుక్కల్ని సీసా నడుము కిందికి మాత్రమే ఉంచి మళ్ళీ తీయించండి.

రెండోదానికి మాట చాలు. చుక్కలు చూస్తే చల్లటి వస్తువు అనిపించడం సహజం. లేబుల్ మీద ఉన్న నిల్వ సూచనను డిస్క్రిప్షన్‌లో అలాగే పెట్టండి. ‘ఎండ తగలనిచోట, చల్లటి పొడి ప్రదేశంలో’ అని ఉంటే ఫ్రిజ్ తప్పనిసరి కాదని అర్థం. వేసవిలో రేకుల షెడ్డులోనో, పార్క్ చేసిన కారులోనో వదలొద్దని ఒక మాట కలపండి. వాడాక మూత బిగించి నిలువుగా ఉంచమనండి. పడుకోబెడితే సీరం డ్రాపర్ రబ్బరులోకి చేరి పాడవొచ్చు.

రాసింది సరిగ్గా ఉందో లేదో ఎలా చూసుకోవాలి?

ఫొటో చూడని మనిషికి ఫోన్ చేసి ఆల్ట్ టెక్స్ట్ ఒక్కసారి చదివి వినిపించండి. ఏం కనిపించిందో చెప్పమనండి. ‘గాజు సీసా, తడిగా ఉంది, వెనక ఆకులు’ అంటే సరిపోయింది. ‘నిమ్మ సీరమా?’ అని అడిగితే ఆకుల మాట ముందుకు వచ్చేసిందని, దాన్ని వెనక్కి జరపాలని అర్థం.

తర్వాత మీ ఫోన్ సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీలోకి వెళ్ళి టాక్‌బ్యాక్ ఆన్ చేసి మీ పేజీని మీరే వినండి. ఆన్ చేశాక నొక్కే పద్ధతి మారుతుంది. ఒకసారి తాకితే చదువుతుంది, రెండుసార్లు తడితే తెరుస్తుంది. మొదట టెన్షన్ పడతారు కాబట్టి ఆఫ్ చేయడం ఎలాగో ముందే చూసి పెట్టుకోండి.

ఇన్‌స్టాగ్రామ్‌లో కూడా ఆల్ట్ టెక్స్ట్ పెట్టొచ్చా?

పెట్టొచ్చు. పోస్టు చేసేముందు వచ్చే సెట్టింగ్స్‌లో ఆ గడి ఉంటుంది. స్టోర్‌లో రాసిందే అక్కడ అతికించండి. హ్యాష్‌ట్యాగులు అందులో పెట్టకండి, చదివేటప్పుడు అవీ వినిపిస్తాయి.

కొత్త బ్యాచ్‌లో సీసా మారింది. ఫొటో పాతదే ఉంచి వర్ణన మార్చితే చాలా?

చాలదు. ఆల్ట్ టెక్స్ట్ ఎప్పుడూ పేజీలో ఉన్న ఫొటోకు సరిపోవాలి, ఫొటో మీరు పంపే సీసాకు సరిపోవాలి. తేనె రంగు గాజు పోయి మసక తెల్ల గాజు వచ్చిందంటే ఫొటో మళ్ళీ తీయించాలి, ఆల్ట్‌లో గాజు రంగు మార్చాలి, ఎత్తు మళ్ళీ కొలవాలి. పాత సరుకు ఇంకా ఉంటే అది అయిపోయేదాకా పాత పేజీ ఉంచి, కొత్తదానికి వేరే లిస్టింగ్ తెరవండి.

సీసా అదే ఉండి లోపలి ఫార్ములా మారితే ఫొటో, ఆల్ట్ రెండూ అలాగే ఉండొచ్చు. అప్పుడు చూడాల్సింది పదార్థాల వరుస, దాన్ని ఆధారం చేసుకుని డిస్క్రిప్షన్‌లో రాసిన ప్రతి వాక్యం. కొత్త డబ్బా తెరిచి, లేబుల్ పక్కన పెట్టుకుని ఒక్కో వాక్యం సరిచూడండి.